ఫొటోలో వచ్చిన పట్టిక, అందులోని జాతీయాదాయం

జాతీయాదాయం లెక్కించమని అడిగే ప్రశ్నలో కష్టమైన గణితం ఏమీ ఉండదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. సూచీ సంఖ్యల ప్రశ్నలో వాటికి గుణకారం, భాగహారం, మహా అయితే ఒక వర్గమూలం తోడవుతాయి. అయినా ఇంటర్, డిగ్రీ విద్యార్థులు ఈ లెక్కల్లో తరచూ తడబడతారు. సూత్రం తెలిసి కూడా జవాబు తప్పిందంటే, చాలాసార్లు లోపం పట్టికను చదవడంలోనే ఉంటుంది. ఈ రోజుల్లో వర్క్‌షీటు కాగితం రూపంలో కాక ఫోనులో ఫొటోగా చేరుతోంది కాబట్టి ఆ లోపానికి అవకాశం ఇంకా పెరిగింది.

అచ్చు పట్టికను ఫొటో తీసినప్పుడు అక్షరాలు మసకబారడం పెద్ద ఇబ్బంది కాదు. మసకగా ఉన్న అంకె మసకగా ఉందని కంటికి తెలుస్తుంది. అసలు చిక్కు ఏదో పోయిందన్న సంగతే తెలియకుండా పోయే వాటితో వస్తుంది. పట్టిక నెత్తిన చిన్న అక్షరాల్లో ఉండే ‘కోట్ల రూపాయల్లో’ అన్న వరుస ఫొటో అంచులో తెగిపోతుంది. అంకెకు ముందున్న ఋణ గుర్తు సన్నని గీతే కాబట్టి నీడలో కలిసిపోతుంది. కొన్ని పుస్తకాలు ఋణ సంఖ్యను గుర్తుతో కాక బ్రాకెట్లో వేస్తాయి. ఆ బ్రాకెట్టును చూసి వరుస సంఖ్య అనుకునేవాళ్లూ ఉన్నారు. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగితే ఎడమవైపు పేరు ఒక వరుసలో, కుడివైపు అంకె దాని కింది వరుసలో ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు పట్టికను చేత్తో తిరిగి రాసుకోవడం మంచిది. పేర్లు ఎన్ని ఉన్నాయో అంకెలు కూడా అన్నే ఉన్నాయా అని లెక్కపెడితే వరుస జారిన సంగతి అక్కడే బయటపడుతుంది.

వర్క్‌షీట్లలో కనిపించే తరహాలోనే కింద ఒక పట్టిక ఉంది. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, ఏ దేశానివీ కావు.

| వరుస | అంశం | కోట్ల రూపాయల్లో |
|---|---|---|
| 1 | ప్రైవేటు తుది వినియోగ వ్యయం | 700 |
| 2 | ప్రభుత్వ తుది వినియోగ వ్యయం | 150 |
| 3 | స్థూల దేశీయ స్థిర మూలధన కల్పన | 220 |
| 4 | నిల్వల్లో మార్పు | (−) 20 |
| 5 | నికర దిగుమతులు | 30 |
| 6 | తరుగుదల | 60 |
| 7 | పరోక్ష పన్నులు | 100 |
| 8 | సబ్సిడీలు | 20 |
| 9 | విదేశాల నుంచి నికర కారక ఆదాయం | (−) 10 |
| 10 | ఉద్యోగుల వేతనాలు | 520 |
| 11 | భాటకం | 70 |
| 12 | వడ్డీ | 60 |
| 13 | లాభాలు | 110 |
| | అందులో: డివిడెండు | 50 |
| | కార్పొరేటు పన్ను | 35 |
| | పంపిణీ కాని లాభం | 25 |
| 14 | స్వయం ఉపాధి వారి మిశ్రమ ఆదాయం | 120 |
| 15 | ప్రభుత్వ పింఛన్లు, ఇతర బదిలీ చెల్లింపులు | 45 |

అడిగేది సాధారణంగా ఉత్పత్తి కారకాల దృష్ట్యా నికర జాతీయోత్పత్తి. జాతీయాదాయం అంటే పాఠ్యపుస్తకాల్లో ఇదే. ఆ ఒక్క పేరులో మూడు షరతులు ఉన్నాయి. ‘నికర’ అంటే తరుగుదల తీసేయాలి. ‘జాతీయ’ అంటే విదేశాల నుంచి వచ్చే నికర కారక ఆదాయాన్ని కలపాలి. ‘ఉత్పత్తి కారకాల దృష్ట్యా’ అంటే మార్కెట్ ధరలో కలిసి ఉన్న పరోక్ష పన్నులను తీసేసి, సబ్సిడీలను కలపాలి. ప్రశ్నలో వేరే పేరు ఉంటే, ఉదాహరణకు మార్కెట్ ధరల్లో స్థూల దేశీయోత్పత్తి అని అడిగితే, ఈ మూడు పనుల్లో ఒక్కటీ చేయనక్కర్లేదు. పేరును మాటమాటగా విడదీసి చూసుకునేవారికి సూత్రాలు కంఠతా పట్టే పని సగం తగ్గుతుంది.

ముందు వ్యయ పద్ధతి చూద్దాం. దేశంలో తయారైన తుది వస్తువుల మీద, సేవల మీద ఎవరెంత ఖర్చు పెట్టారో కూడుతూ వెళ్లాలి. ప్రైవేటు వినియోగం 700, ప్రభుత్వ వినియోగం 150, స్థిర మూలధన కల్పన 220 కలిపితే 1,070. నిల్వలు 20 తగ్గాయి, అంటే ఈ ఏడాది అమ్ముడైన సరుకులో కొంత నిరుడు తయారైందే, దాన్ని ఈ ఏటి ఉత్పత్తిలో చూపకూడదు. కనుక 1,050. ఇక ఐదో వరుసలో ఉన్నది నికర ఎగుమతులు కాదు, నికర దిగుమతులు. అక్కడ ఋణ గుర్తు లేదు, అయినా అంకెను తీసేయాల్సిందే. ప్రశ్న రాసేవాళ్లు కావాలనే పెట్టే మెలిక ఇది. 30 తీసేస్తే మార్కెట్ ధరల్లో స్థూల దేశీయోత్పత్తి 1,020 కోట్లు వస్తుంది. ఇందులోంచి తరుగుదల 60 పోతే 960. నికర పరోక్ష పన్ను అంటే 100లోంచి సబ్సిడీలు 20 పోగా మిగిలిన 80. అది కూడా తీసేస్తే కారకాల దృష్ట్యా నికర దేశీయోత్పత్తి 880 కోట్లు. విదేశీ కారక ఆదాయం ఋణాత్మకంగా 10 ఉంది కాబట్టి జాతీయాదాయం 870 కోట్లు.

ఆదాయ పద్ధతిలో దారి పొట్టిది. వేతనాలు 520, భాటకం 70, వడ్డీ 60, లాభాలు 110, మిశ్రమ ఆదాయం 120 కూడితే నేరుగా 880 వస్తుంది. కారకాలకు అందిన చెల్లింపులను కూడుతున్నాం కనుక ఇందులో తరుగుదల గానీ పరోక్ష పన్ను గానీ మొదటి నుంచీ లేదు, తీసేసే పనీ లేదు. విదేశీ కారక ఆదాయం (−) 10 కలిపితే మళ్లీ 870. డివిడెండు, కార్పొరేటు పన్ను, పంపిణీ కాని లాభం అనే మూడూ లాభాల్లోని భాగాలే. వాటిని మళ్లీ కూడకూడదు. పింఛన్లకు బదులుగా ఈ ఏడాది ఏ ఉత్పత్తీ జరగలేదు కాబట్టి 45కు ఈ లెక్కలో చోటు లేదు.

రెండు దారుల్లోనూ ఒకే సంఖ్య రావడం పట్టికను సరిగా చదివామనడానికి మంచి ఆధారం. రాకపోతే ఆ తేడాయే తప్పు ఎక్కడుందో చాలావరకు చెప్పేస్తుంది. ఒక అంశాన్ని మరిచిపోతే, లేదా కూడకూడనిది కూడితే, తేడా ఆ అంశమంత ఉంటుంది. గుర్తు తలకిందులైతే తేడా ఆ అంశానికి రెట్టింపు ఉంటుంది. నీడలో ఋణ గుర్తు పోయి నిల్వల్లో మార్పును +20గా చదివారనుకుందాం. వ్యయ పద్ధతిలో 910, ఆదాయ పద్ధతిలో 870 వస్తాయి. తేడా 40. పట్టికలో 40 అనే అంశం లేదు, అందులో సగమైన 20 ఉంది. చూపు వెంటనే నాలుగో వరుస మీదికి వెళ్లాలి. ఆదాయం వైపు 110 ఎక్కువ వస్తే లాభాల భాగాలను రెండోసారి కూడారని అర్థం. 45 ఎక్కువైతే పింఛన్లు చొరబడ్డాయి.

ఈ పద్ధతి ఎప్పుడూ ఒకే వేలు చూపదు. వ్యయం వైపు 60 ఎక్కువ వచ్చిందంటే తరుగుదల తీయడం మరిచి ఉండవచ్చు, లేదా 30 దిగుమతులను తీసేయాల్సింది పోయి కలిపి ఉండవచ్చు. రెండింటినీ చూసుకోవాలి. అంకెల స్థానాలు తారుమారైతే, అంటే 520ని 250గా రాసుకుంటే, తేడా 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. 270ని 9తో భాగిస్తే 30. లెక్కల పుస్తకాలు రాసే గుమాస్తాలకు ఇది పాత విద్యే. మసక ఫొటోలో 3ను 8గా చదివిన తప్పు మాత్రం 5గానో 50గానో బయటపడుతుంది.

రెండు దారులూ ఒకే తప్పు చేస్తే ఈ తనిఖీ పనిచేయదు. విదేశీ కారక ఆదాయం అలాంటి చోటు. అది రెండు పద్ధతుల్లోనూ చివర కలిసే అంశం కాబట్టి, దాని ఋణ గుర్తు పోతే రెండు వైపులా 890 వస్తుంది. రెండూ సరిపోయాయి కదా అని విద్యార్థి ధైర్యంగా తప్పు జవాబు రాస్తాడు. ఫొటోలో తొమ్మిదో వరుసను మాత్రం పెద్దది చేసి మరీ చూడాలి. భారతదేశానికి సంబంధించిన నిజమైన గణాంకాల్లో ఈ అంశం చాలా ఏళ్లుగా ఋణాత్మకంగానే ఉంటోంది. మనవాళ్లు బయట పెట్టిన పెట్టుబడుల మీద వచ్చే రాబడి కంటే విదేశీ పెట్టుబడులకు మనం చెల్లించే వడ్డీ, డివిడెండు ఎక్కువ కావడం ఇందుకు ప్రధాన కారణం.

గల్ఫ్ నుంచి కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు, అమెరికా నుంచి కోస్తా ఊళ్లకు అంత డబ్బు వస్తుంటే ఇది ఋణాత్మకం ఎలా అవుతుందన్న అనుమానం సహజం. విదేశంలో ఏడాదికి మించి ఉంటున్న వ్యక్తి లెక్కల దృష్టిలో ఆ దేశ నివాసి. అతను ఇంటికి పంపే డబ్బు మన దేశ కారక ఆదాయం కాదు, బదిలీ. చెల్లింపుల శేషంలో దానికి చోటు ఉంది, జాతీయాదాయంలో లేదు. వర్క్‌షీటులో ‘విదేశాల నుంచి వచ్చిన కానుకలు, పంపకాలు’ అన్న వరుస కనిపిస్తే పింఛన్ల మాదిరిగానే పక్కన పెట్టాలి.

రెండు పద్ధతుల సమాచారమూ ఒకే పట్టికలో ఉన్నప్పుడు ఇంకో సౌకర్యం ఉంది. ఫొటోలో ఒక అంకె పూర్తిగా కనిపించకపోయినా దాన్ని రాబట్టవచ్చు. నిల్వల్లో మార్పు దగ్గర ఫ్లాష్ వెలుతురు పడి అంకె తెల్లగా కాలిపోయిందనుకుందాం. ఆదాయం వైపు నుంచి 880 వచ్చింది. దానికి తరుగుదల 60, నికర పరోక్ష పన్ను 80 తిరిగి కలిపితే 1,020. వ్యయం వైపు కనిపిస్తున్న అంశాలన్నీ కలిపి, దిగుమతులు తీసేస్తే 1,040. కనపడని అంకె (−) 20 అని తేలిపోయింది. పరీక్షల్లో దీన్నే ‘లోపించిన విలువను కనుక్కోండి’ అని ప్రత్యేక ప్రశ్నగా అడుగుతారు.

నిజ జీవితంలో రెండు దారులూ ఇంత చక్కగా కలవవు. 1930వ దశకంలో భారత జాతీయాదాయాన్ని అంచనా వేసిన వి.కె.ఆర్.వి. రావు వ్యవసాయం వంటి చోట్ల ఉత్పత్తిని, సేవల వంటి చోట్ల ఆదాయాన్ని కొలిచి రెండింటినీ కలిపారు. ఏ ఒక్క పద్ధతికీ సరిపడా సమాచారం దొరకకపోవడమే దానికి కారణం. 1949లో మహలనోబిస్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయాదాయ సంఘంలో ఆయనా సభ్యుడే, డి.ఆర్. గాడ్గిల్ మరో సభ్యుడు. ఇప్పటి ప్రభుత్వ పట్టికల్లో కూడా వ్యయం వైపు చివర ‘వ్యత్యాసాలు’ అనే వరుస ఒకటి ఉంటుంది. ఉత్పత్తి వైపు నుంచి వచ్చిన మొత్తానికీ, ఖర్చు వైపు నుంచి వచ్చిన మొత్తానికీ తేడాను దాచకుండా అందులో చూపిస్తారు. వర్క్‌షీటులో ఆ వరుస ఉండదు, అక్కడ తేడా వచ్చిందంటే తప్పు చదివినవారిదో, అచ్చువేసినవారిదో అయి ఉంటుంది.

పుస్తకానికీ ప్రభుత్వ లెక్కకూ మధ్య ఇంకో దూరం ఉంది. 2015 జనవరిలో 2011-12 ఆధారంగా కొత్త శ్రేణి విడుదలైనప్పుడు, కారకాల దృష్ట్యా స్థూల దేశీయోత్పత్తి అనే కొలతను ప్రధాన స్థానం నుంచి తప్పించారు. దాని స్థానంలో మౌలిక ధరల్లో స్థూల విలువ జోడింపు వచ్చింది. పాఠ్యపుస్తకాలు మాత్రం పాత పేరును వదల్లేదు. పత్రికలోని అంకెనూ వర్క్‌షీటులోని సూత్రాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చబోతే కలవకపోవడానికి ఇదొక కారణం.

ఇక సూచీ సంఖ్యల పట్టిక. ఇందులో ఋణ గుర్తుల బెడద లేదు. ఉన్నదంతా నిలువు వరుసల తలకట్టుతోనే. ఈ ఉదాహరణలో ఒక కుటుంబం నెలకు కొనే నాలుగు సరుకులు ఉన్నాయి. అంకెలు ఇవి కూడా ఊహించినవే.

| సరుకు | ఆధార ధర P0 | ఆధార పరిమాణం Q0 | ప్రస్తుత ధర P1 | ప్రస్తుత పరిమాణం Q1 |
|---|---|---|---|---|
| బియ్యం (కిలో) | 40 | 10 | 50 | 9 |
| కందిపప్పు (కిలో) | 100 | 2 | 150 | 1 |
| నూనె (లీటరు) | 120 | 2 | 150 | 2 |
| పాలు (లీటరు) | 50 | 8 | 60 | 10 |

జర్మన్ ఆర్థికవేత్త లాస్పేర్ 1871లో ప్రతిపాదించిన పద్ధతిలో ఆధార సంవత్సరం నాటి సంచిని అలాగే ఉంచి, అదే సంచి ఇప్పుడు ఎంత అవుతుందో చూస్తారు. మరో జర్మన్ పాషే 1874లో ఇప్పటి సంచిని తీసుకుని, అది అప్పుడైతే ఎంత పడేదో అడిగాడు. సూత్రాలు ఇవి:

లాస్పేర్ = (ΣP1Q0 ÷ ΣP0Q0) × 100

పాషే = (ΣP1Q1 ÷ ΣP0Q1) × 100

పాత సంచి పాత ధరల్లో 400 + 200 + 240 + 400 = 1,240 రూపాయలు. అదే సంచి కొత్త ధరల్లో 500 + 300 + 300 + 480 = 1,580. లాస్పేర్ సూచీ 127.42. కొత్త సంచి పాత ధరల్లో 360 + 100 + 240 + 500 = 1,200, కొత్త ధరల్లో 450 + 150 + 300 + 600 = 1,500. పాషే సూచీ సరిగ్గా 125. ఈ రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే 126.20 వస్తుంది, అది ఫిషర్ సూచీ. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1922లో సూచీ సంఖ్యల మీద రాసిన పెద్ద గ్రంథంలో దీన్ని ఆదర్శ సూచీగా నిలబెట్టాడు.

లాస్పేర్ ఎక్కువ, పాషే తక్కువ ఎందుకు వచ్చాయో పట్టికలోనే కనిపిస్తుంది. కందిపప్పు ధర సగం మేర పెరగగానే ఇంట్లో వాడకం రెండు కిలోల నుంచి ఒక కిలోకు పడిపోయింది. తక్కువగా పెరిగిన పాలు రెండు లీటర్లు ఎక్కువ కొన్నారు. పాత సంచినే పట్టుకున్న లాస్పేర్‌కు ఈ సర్దుబాటు తెలియదు, ఇంకా రెండు కిలోల పప్పు కొంటున్నట్టే లెక్క వేస్తుంది. ఎప్పుడూ ఇలాగే వస్తుందన్న నియమం లేదు కానీ, ఇంటి ఖర్చుల పట్టికల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మన వినియోగదారుల ధరల సూచీ కూడా లాస్పేర్ తరహాదే. 2012 ఆధార శ్రేణిలో దేశం మొత్తానికి ఆహారం, పానీయాల భారం 45.86 శాతం. ఏళ్లు గడిచేకొద్దీ ఇంటి ఖర్చు మారినా ఆ భారం మారలేదు. ఆధార సంవత్సరాన్ని అప్పుడప్పుడూ మార్చాల్సిన అవసరం ఇందుకే వస్తుంది.

ఫొటోలో తలకట్టు తెగితే ఏమవుతుందో ఇప్పుడు చూడాలి. కొన్ని పుస్తకాలు పై పట్టికలోలా సంవత్సరం వారీగా ధర, పరిమాణం, ధర, పరిమాణం అని వేస్తాయి. మరికొన్ని రెండు ధరలనూ ముందు, రెండు పరిమాణాలనూ తర్వాత వేస్తాయి. తలకట్టు కనపడక మధ్యనున్న రెండు నిలువు వరుసలనూ తారుమారుగా చదివితే బియ్యం ధర 40 నుంచి 10కి పడినట్టు, పరిమాణం 50 ఉన్నట్టు అవుతుంది. అప్పుడు లాస్పేర్ 1,580ని 38,000తో భాగించి 4.16 ఇస్తుంది. ధరలు అంతలా కూలిపోయిన నెల ఉండదు కాబట్టి ఆ తప్పు తనంతట తానే పట్టుబడుతుంది.

నమ్మదగ్గట్టుగా కనిపించే తప్పులే ప్రమాదం. రెండు సంవత్సరాలనూ అటూఇటూ చేస్తే 1,200ను 1,500తో భాగించి 80 వస్తుంది. ధరల స్థానంలో పరిమాణాలను వేస్తే 1,200 భాగహారం 1,240, అంటే 96.77 వస్తుంది. చూపుకు రెండూ మామూలు సూచీల్లాగే ఉంటాయి. వీటిని పట్టుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. ముందుగా ఒక్కో సరుకు ధర ఎన్ని రెట్లయిందో విడిగా చూసుకోవాలి. బియ్యం 125, కందిపప్పు 150, నూనె 125, పాలు 120. లాస్పేర్ అయినా పాషే అయినా ఈ నాలుగింటి భారిత సగటే కనుక, జవాబు 120 కంటే తగ్గదు, 150 దాటదు. 80, 96.77 రెండూ ఆ హద్దుల బయటే ఉన్నాయి.

హద్దుల లోపల ఉన్నంత మాత్రాన జవాబు ఒప్పు అని మాత్రం అనుకోకూడదు. బియ్యం ధరను క్వింటాలుకు 4,000, 5,000 అని ఇచ్చి, పరిమాణాన్ని కిలోల్లో ఇచ్చిన పట్టికలో కొలమానాల నిలువు వరుస ఫొటోకు అందలేదనుకుందాం. 4,000ను 10తో గుణిస్తే బియ్యం ఒక్కటే 40,000 అయి మిగతా మూడింటినీ మింగేస్తుంది. లాస్పేర్ సూచీ 125.07 వస్తుంది. అది హద్దుల మధ్యే ఉంది, బియ్యం రేటుకు అతుక్కుని ఉంది, పూర్తిగా తప్పు. దీనికి తనిఖీ వేరే ఉంది. గుణకారం చేశాక ఒక్కో సరుకు మీద ఎంత ఖర్చు తేలిందో చూసి, ఒక ఇంట్లో అంత తేడా ఉంటుందా అని ఆలోచించాలి. ఈ పని సూత్రం చేయలేదు, వంటింటి సరుకుల లెక్క తెలిసినవారు చేయగలరు.

చాలా వర్క్‌షీట్లలో చివరి ప్రశ్న ఈ రెండు పట్టికలనూ కలుపుతుంది. ఆధార సంవత్సరంలో జాతీయాదాయం 725 కోట్లు, ఇప్పుడు ప్రస్తుత ధరల్లో 870 కోట్లు, ధరల సూచీ 125 అని ఇచ్చి, నిజ జాతీయాదాయం ఎంత అని అడుగుతారు. 870ని 125తో భాగించి 100తో గుణిస్తే 696 కోట్లు. రూపాయల్లో ఆదాయం 20 శాతం పెరిగింది. ధరల పెరుగుదలను తీసేస్తే ఉత్పత్తి 725 నుంచి 696కు, అంటే 4 శాతం తగ్గింది. ఇక్కడ రెండు పొరపాట్లు మామూలు. ఒకటి, భాగించాల్సిన చోట గుణించి 1,087.5 రాయడం. ధరలు పెరిగినప్పుడు నిజ ఆదాయం ప్రస్తుత ధరల ఆదాయం కంటే తక్కువే ఉండాలి కనుక దీన్ని చూడగానే పట్టుకోవచ్చు. రెండోది, 20 శాతం పెరుగుదలలోంచి 25 శాతం ధరల పెరుగుదల తీసేసి 5 శాతం తగ్గిందని చెప్పడం. మార్పులు ఒకటి రెండు శాతాలైతే ఈ తీసివేత దాదాపు సరిపోతుంది, ఇంత పెద్ద మార్పులకు సరిపోదు.

ఏ సూచీతో భాగించాలన్నది కూడా ప్రశ్నే. ఇంటి సరుకుల సూచీ ఇళ్లలో కొనే వాటికే వర్తిస్తుంది. దేశం మొత్తం ఉత్పత్తిలో యంత్రాలు, భవనాలు, ఎగుమతులు కూడా ఉన్నాయి. అందుకే జీడీపీకి విడిగా ఒక డిఫ్లేటర్ లెక్కిస్తారు. ఈ ఏటి ఉత్పత్తినే భారంగా తీసుకుంటుంది కాబట్టి దాని స్వభావం పాషే సూచీది. వర్క్‌షీటులో వినియోగదారుల సూచీ, డిఫ్లేటర్ రెండూ ఇచ్చి నిజ జాతీయాదాయం అడిగితే డిఫ్లేటర్‌నే తీసుకోవాలి.

ఇన్ని తనిఖీల తర్వాత కూడా ఫొటోలోని ఒక గుర్తో అంకెో తేలకపోవచ్చు. ఒకే పద్ధతికి సరిపడే సమాచారం ఉంటే దాన్ని రాబట్టే దారీ ఉండదు. అప్పుడు పట్టిక తలకట్టు, కొలమానం వరుస, నాలుగు అంచులూ పడేలా పేజీని చదునుగా పరిచి మరో ఫొటో తీసి పంపమని అడగడం ఉత్తమం. అది వీలుకాకపోతే ‘నిల్వల్లో మార్పును (−) 20గా తీసుకోవడమైనది’ అని జవాబు మొదటి వరుసలో రాసి లెక్క చేయాలి. అంకె తప్పయినా పద్ధతి సరైనదేనని దిద్దేవారికి ఆ ఒక్క వాక్యం వల్లే తెలుస్తుంది.